లిమిట్స్ లోపలే ఉన్నా ఏడు పాయింట్లు ఒకే వైపు పడితే: కంట్రోల్ చార్ట్ ఎలా చదవాలి

కంట్రోల్ చార్ట్ అంటే ప్రాసెస్ నుంచి వరుసగా తీసిన కొలతల్ని, మధ్యలో సగటు దగ్గర సెంటర్ లైన్, పైనా కిందా లిమిట్స్ అనే హద్దు గీతలు గీసి చూపే గ్రాఫ్. దాన్ని చూసే వాళ్ళలో చాలామంది చేసేది ఒకటే, పైగీత దాటిందా, కిందిగీత దాటిందా అని చూసి, దాటకపోతే ప్రాసెస్ బానే ఉందని పక్కన పెట్టేస్తారు. కానీ ఒక్క పాయింట్ కూడా గీత దాటకుండానే ప్రాసెస్ కంట్రోల్ తప్పొచ్చు, అది చార్ట్ మీద కనిపిస్తూనే ఉంటుంది కూడా, పాయింట్లు పడ్డ క్రమంలో చదివితే. అలాంటి గుర్తుల్లో అందరికీ తెలిసింది సెంటర్ లైన్‌కి ఒకే వైపు వరుసగా ఏడు పాయింట్లు పడటం. రూల్ అందరికీ వచ్చు గానీ, అది ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, వరుస కనపడ్డాక ముందు ఏం చూడాలి అన్నది మాత్రం చాలా చోట్ల వదిలేస్తారు, అసలు విషయం అక్కడే ఉంది.

ఒక కేసు తీసుకుందాం. సీఎన్‌సీ లేత్ మీద షాఫ్ట్ టర్నింగ్ జరుగుతోంది, డయామీటర్ 25.000 మిల్లీమీటర్లు, టాలరెన్స్ అటూ ఇటూ 0.050. గంటకోసారి వరుసగా ఐదు పీసులు తీసి కొలుస్తారు, ఆ ఐదింటి సగటు ఎక్స్-బార్ చార్ట్ మీద, ఐదింట్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఆర్ చార్ట్ మీద పెడతారు. మొదట ఇలాంటి ఐదు పీసుల గుంపులు, అంటే సబ్‌గ్రూపులు, 25 తీసి లిమిట్స్ కట్టారు: మొత్తం సగటు 25.002, సగటు రేంజ్ 0.026. సగటు రేంజ్ నుంచి లిమిట్స్ దూరం తీయడానికి ఐదు పీసుల సబ్‌గ్రూప్‌కి వాడే స్థిర సంఖ్య, ఎ2, విలువ 0.577, దాన్ని 0.026తో గుణిస్తే 0.015 వస్తుంది, కాబట్టి పైగీత 25.017, కిందిగీత 24.987. పాయింట్లు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత సిగ్మా, ఈ 0.015 అంటే మూడు సిగ్మాలు, అంటే చార్ట్ మీద పాయింట్ల సిగ్మా 0.005, ఐదు మైక్రాన్లు.

లిమిట్స్ అలాగే ఉంచి ప్రొడక్షన్ మొదలుపెట్టాక మొదటి ఐదు గంటల పాయింట్లు ఇలా వచ్చాయి: 25.004, 24.998, 25.001, 25.006, 24.999. సెంటర్ లైన్ 25.002కి పైనా కిందా పడుతున్నాయి, ఏం లేదు. తర్వాత ఏడు గంటలు: 25.005, 25.009, 25.004, 25.011, 25.006, 25.010, 25.007. పైగీత 25.017 దరిదాపుల్లోకి కూడా ఏదీ పోలేదు, రెండు సిగ్మాల దగ్గర ఉండే 25.012ని కూడా ఏదీ తాకలేదు, విడివిడిగా చూస్తే ఒక్కటి కూడా అనుమానించేలా లేదు. కానీ ఏడూ సెంటర్ లైన్‌కి పైనే ఉన్నాయి.

ప్రాసెస్ కదలకుండా ఉంటే ప్రతి పాయింట్ సెంటర్‌కి పైన పడటానికీ కింద పడటానికీ అవకాశం సమానం, నాణెం ఎగరేసినట్టే. వరుసగా ఏడు ఒకే వైపు పడాలంటే, ఏ వైపైనా సరే అనుకుంటే, 64లో ఒక ఛాన్స్. అంటే మరీ అసాధ్యమేం కాదు, అలాగని ఊరికే వదిలేసేంత మామూలూ కాదు. దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది, ప్రాసెస్ నిజంగా కదిలినప్పుడు ఈ రూల్ ఎంత త్వరగా పట్టిస్తుంది అని, ఎందుకంటే మూడు సిగ్మాల గీత ఒక్కటే సరిపోతే అసలు ఈ ఏడు లెక్క ఎవరికీ అవసరమే ఉండేది కాదు.

మన లేత్ సెంటర్ ఒక సిగ్మా, అంటే ఐదు మైక్రాన్లు పైకి జరిగిందనుకోండి. ఇప్పుడు పైగీత కొత్త సెంటర్‌కి రెండు సిగ్మాల దూరంలో ఉంది, ఒక్కో పాయింట్ దాన్ని దాటే అవకాశం 2.3 శాతమే, కాబట్టి గీత ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చుంటే సగటున 44 పాయింట్లు ఆగాలి, గంటకో పాయింట్ అంటే దాదాపు రెండు రోజులు. అదే ఏడు పాయింట్ల వరుసనైతే, కొత్త పరిస్థితిలో ఒక్కో పాయింట్ పాత సెంటర్‌కి పైన పడే అవకాశం 84 శాతం కాబట్టి, సగటున 15 పాయింట్లలో దొరుకుతుంది. అదే సెంటర్ ఒకేసారి మూడు సిగ్మాలు జరిగిందనుకోండి, అప్పుడు ప్రతి రెండో పాయింట్ గీత దాటుతుంది, ఏడు లెక్కపెట్టే దాకా ఆగడం టైమ్ వేస్ట్. అంటే పెద్ద దెబ్బ పట్టుకోడానికి గీత, చిన్న జరుగుడు పట్టుకోడానికి వరుస, రెండూ చూసేది వేరు వేరు జబ్బుల్ని, ఒకదానికి ఇంకోటి బదులు కాదు.

మరి ఏడే ఎందుకు, ఆరో ఎనిమిదో ఎందుకు కాదు అంటే, ఏడులో పవిత్రమైనదేమీ లేదు. 1924లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థలో షూహార్ట్ కంట్రోల్ చార్ట్ ఆలోచన పెట్టినప్పుడు మూడు సిగ్మాల లిమిట్సే ప్రధానం, వరుసల రూల్స్ తర్వాత చేరాయి. 1956లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు వేసిన హ్యాండ్‌బుక్‌లో ఒకే వైపు ఎనిమిది, 1984లో నెల్సన్ ఇచ్చిన రూల్స్‌లో తొమ్మిది, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలు రాసేవాళ్ళు చదివేది ఏడు. ఈ మూడిట్లో ఏది కరెక్టు అని వాదించుకునే బదులు దేనికి ఎంత ఖర్చవుతుందో చూడాలి: ప్రాసెస్ ఏమీ కదలకపోయినా ఏడు రూల్ సగటున 127 పాయింట్లకోసారి ఉత్తినే అలారం కొడుతుంది, ఎనిమిదైతే 255కి, తొమ్మిదైతే 511కి. మూడు సిగ్మాల గీత ఒక్కటే అయితే 370కి. కాబట్టి ఏడు ఎంచుకోవడం అంటే త్వరగా తెలియాలి, మధ్యమధ్యలో ఉత్తుత్తి అలారం వచ్చినా వెళ్ళి చూస్తాం అని ఒప్పుకోవడం. చూసి రావడానికి పది నిమిషాలు పట్టే లేత్‌కి ఏడు బావుంటుంది, అలారం వస్తే లైన్ మొత్తం ఆపి విప్పాల్సిన చోట తొమ్మిదే మేలు. కానీ చార్ట్ చూశాక ఏడా తొమ్మిదా అని తేల్చుకోవడం మాత్రం అస్సలు చేయకూడదు, అలా చేస్తే రూల్‌కి అర్థమే ఉండదు.

ఇదే కోవలో ఇంకో తప్పు చాలా కామన్. నెలాఖరుకి పాత చార్ట్ తీసి, అందులో ఎక్కడైనా ఏడు వరుస ఉందా అని వెనక్కి వెతకడం. 64లో ఒకటి అన్న లెక్క ముందే ఎంచుకున్న ఒక్క ఏడు పాయింట్లకి మాత్రమే వర్తిస్తుంది. 25 పాయింట్ల చార్ట్ మొత్తంలో ఎక్కడో ఒకచోట ఏడు వరుస కనపడే అవకాశం, ప్రాసెస్ పూర్తిగా కంట్రోల్‌లో ఉన్నా సరే, దాదాపు 15 శాతం ఉంటుంది. అంటే అలాంటి మంచి చార్ట్‌లు ఏడు తీస్తే ఒకదాంట్లో ఇది కనపడుతుందన్నమాట. పాత చార్ట్‌లో దొరికిన వరుసని ఒక క్లూగా తీసుకోవచ్చు, ఆ టైమ్‌లో లాగ్‌బుక్‌లో ఏమైనా రాసుందేమో చూడొచ్చు, అంతే, దాన్ని పట్టుకుని ఆపరేటర్‌ని నిలదీయడం అన్యాయం.

మళ్ళీ లేత్ దగ్గరికి వద్దాం, ఏడో పాయింట్ పడింది, ఇప్పుడేం చూడాలి. మెషిన్ ముట్టుకోక ముందు కొలిచే పరికరం చూడాలి, కొలత ముందే కచ్చితంగా తెలిసిన మాస్టర్ పీసు పెట్టి మైక్రోమీటర్ సున్నా చెక్ చేయాలి, ఎందుకంటే ఐదు మైక్రాన్ల జరుగుడు అనేది షిఫ్ట్ మారినప్పుడు సున్నా సరిగ్గా సెట్ చేయకపోయినా వచ్చేస్తుంది, అప్పుడు కదిలింది షాఫ్ట్ కాదు, కొలత. ఇక్కడ మాస్టర్ సరిగ్గానే చూపించింది.

తర్వాత ఆర్ చార్ట్. దాని పైగీత 0.055, ఆ ఏడు గంటల రేంజ్‌లూ 0.026 చుట్టూనే తిరుగుతున్నాయి. ఇది చాలా చెప్తుంది: ఒక పీసుకీ ఇంకో పీసుకీ మధ్య తేడా పెరగలేదు, అంటే బిగింపు వదులవడం, బేరింగ్ ఊగడం లాంటివి ముందు వరసలో అనుమానించాల్సినవి కావు, ఎందుకంటే అవైతే మామూలుగా చెదురు కూడా పెంచుతాయి. ఇక్కడ చెదురు అంతే ఉంది, గుంపు మొత్తం పక్కకి జరిగింది. ఆర్ చార్ట్ కూడా అదుపు తప్పి ఉంటే మాత్రం ముందు దాన్ని తేల్చాలి, ఎక్స్-బార్ లిమిట్స్ వచ్చిందే ఆ రేంజ్ నుంచి కాబట్టి దాన్ని తేల్చకుండా పైచార్ట్‌లో వరుసలు లెక్కపెట్టుకోవడం దండగ.

ఆ తర్వాత వరుస ఆకారం. ఏడు పాయింట్లని 25.000కి ఎన్ని మైక్రాన్లు పైన ఉన్నాయో వరుసగా చదివితే 5, 9, 4, 11, 6, 10, 7, అంటే పెరుగుతూ తగ్గుతూ ఒక కొత్త మట్టం చుట్టూ ఆడుతున్నాయి, మెల్లగా ఎక్కడం లేదు. టూల్ అరిగిపోతే బయటి డయామీటర్ నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, చార్ట్ మీద ఏటవాలుగా కనిపిస్తుంది. ఇక్కడ మెట్టులా ఉంది, కాబట్టి అరుగుదల కాదు, ఒక నిర్దిష్ట సమయంలో ఏదో మార్చారు, అది అలాగే ఉండిపోయింది. టూల్ కొనకి బిగించే కోత ముక్క ఇన్సర్ట్, మెటీరియల్ లాట్, ప్రోగ్రామ్, మెషిన్‌లో టూల్ స్థానాన్ని దిద్దే అంకె ఆఫ్‌సెట్, మెషిన్‌ని సెట్ చేసే సెట్టర్, ఇవి వెతకాల్సిన పేర్లు.

ఎప్పటినుంచి వెతకాలి అన్నదగ్గర చాలామంది దారి తప్పుతారు. ఏడో పాయింట్ పన్నెండో గంటకి పడింది కాబట్టి పన్నెండో గంటలో ఏం జరిగిందని అడుగుతారు, ఏమీ జరగలేదని సమాధానం వస్తుంది, అలారం ఉత్తిదే అనుకుని వదిలేస్తారు. ఏడో పాయింట్ అలారం మోగిన టైమ్, దొంగ వచ్చిన టైమ్ కాదు. వరుస మొదలైంది ఆరో గంటకి, కాబట్టి ఐదుకీ ఆరుకీ మధ్య చూడాలి అనుకోవడం దానికన్నా నయం, కానీ అక్కడా ఆగిపోకూడదు. సెంటర్ ఒక సిగ్మా జరిగాక కూడా ఆరు పాయింట్లలో ఒకటి పాత సెంటర్‌కి కిందే పడుతుంది. అంటే వరుసకి ముందున్న ఆ 24.999 కూడా మార్పు తర్వాతి పాయింటే అయ్యుండొచ్చు. అందుకే వరుస మొదలుకన్నా ఒకటి రెండు పాయింట్లు ముందు నుంచి లాగ్ చదవాలి. ఈ కేసులో అలా చదివితే దొరికింది, నాలుగో శాంపిల్‌కీ ఐదో శాంపిల్‌కీ మధ్య ఇన్సర్ట్ అంచు తిప్పారు, మొదటి పీసు కొలిస్తే టాలరెన్స్ లోపలే ఉంది కదా అని ఆఫ్‌సెట్ దిద్దలేదు. ఇన్సర్ట్ అంచు మారితే కొన కూర్చునే చోటు కొన్ని మైక్రాన్లు తేడా రావడం మామూలే.

పీసులు చెడిపోయాయా అంటే లేదు. ఇప్పుడు సగటు 25.007 దగ్గర ఉంది, స్పెక్ పైహద్దు 25.050కి ఇంకా 43 మైక్రాన్లు ఉంది, ఒక్కో పీసు సిగ్మా 11 మైక్రాన్లే, కాబట్టి దాదాపు నాలుగు సిగ్మాల జాగా మిగిలే ఉంది. ప్రాసెస్ కంట్రోల్ తప్పింది, ప్రొడక్ట్ తప్పలేదు. ఈ రెండూ వేరు అని ఒప్పుకోని చోట ఏడు పాయింట్ల రూల్ బతకదు, ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు పీసులన్నీ పాసయ్యాయి కదా, దేనికి గొడవ అంటారు. గొడవ ఎందుకంటే, ఇవాళ ఆఫ్‌సెట్ దిద్దకుండా వదిలేస్తే ఇంకోసారి అంచు తిప్పినప్పుడు ఇంకో ఐదు మైక్రాన్లు అటే కలిసిపోవచ్చు, దానిమీద అరుగుదల వేరే, అప్పటికి జాగా ఉండదు, కారణం గుర్తున్న మనిషీ ఉండడు.

ఇక్కడ వరుసగా పెరిగే ఏడు పాయింట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్నీ దాన్నీ కలిపేసి ఏడు రూల్ అని ఒకే పేరుతో పిలుస్తారు. ఒకే వైపు ఏడు పడటం 64లో ఒకటి, అదే ఏడు పాయింట్లు ఒకదాని కన్నా ఒకటి పెరుగుతూ గానీ తగ్గుతూ గానీ పోవడం ఊరికే జరగాలంటే 2520లో ఒకటి. వినడానికి ఇది ఇంకా గట్టి సాక్ష్యంలా ఉంటుంది, నిజమే, కనపడితే నమ్మొచ్చు. కానీ కనపడటమే అరుదు. టూల్ గంటకి ఒక మైక్రాన్ చొప్పున అరుగుతోందనుకోండి, పాయింట్లేమో ఐదు మైక్రాన్ల సిగ్మాతో ఆడుతున్నాయి, ఏడు పాయింట్ల మధ్యలో ఒక్కసారైనా కిందకి దిగకుండా ఉండటం దాదాపు జరగదు, దిగిందంటే లెక్క మళ్ళీ మొదటికి. ఈలోపు సెంటర్ లైన్‌కి పైన ఏడు వరుస ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. అందుకే మెల్లటి అరుగుదలని పట్టుకోవాలన్నా ఒకే వైపు వరుసే ఎక్కువ పనికొస్తుంది, పెరుగుతూ పోయే వరుస కోసం కాచుకుని కూర్చోవడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇక ఈ రూల్ మోసం చేసే చోట్లు. అన్నిటికన్నా ఎక్కువ కనపడేది సెంటర్ లైన్ కదిలిపోవడం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో, స్ప్రెడ్‌షీట్‌లలో అయితే మరీ ఎక్కువగా, కొత్త పాయింట్ పడ్డప్పుడల్లా సగటు మళ్ళీ లెక్కేసి గీత గీసేలా పెడతారు. మన పన్నెండు పాయింట్లకే అలా చేసి చూడండి: పన్నెండింటి సగటు సరిగ్గా 25.005 వస్తుంది. ఇప్పుడు ఆ ఏడింట్లో మొదటిది 25.005 గీత మీదే కూర్చుంది, మూడోది 25.004 గీత కిందకి పోయింది, వరుస మాయం. ప్రాసెస్ అదే, కొలతలు అవే, కానీ కదిలిన పాయింట్లే గీతని తమవైపు లాక్కుని తమని తాము దాచేసుకున్నాయి. అందుకే ప్రాసెస్ నిలకడగా ఉన్నప్పుడు తీసిన డేటాతో లిమిట్స్ కట్టి వాటిని అలాగే ఉంచేయాలి, ప్రాసెస్‌ని కావాలని మార్చినప్పుడు, ఆ మార్పు నిలబడిందని తెలిశాకే మళ్ళీ కట్టాలి.

దీనికి ఉల్టా తప్పు, సగటు బదులు టార్గెట్‌ని సెంటర్ లైన్‌గా గీయడం. మన లేత్ నిలకడగా నడిచేది 25.002 దగ్గర, గీత 25.000 దగ్గర గీస్తే రెండు మైక్రాన్లే కదా అనిపిస్తుంది, కానీ ఆ చిన్న తేడాతోనే పాయింట్ పైన పడే అవకాశం 50 నుంచి 65 శాతానికి పోతుంది, దాంతో పైవైపు ఏడు వరుస సగటున యాభై చిల్లర పాయింట్లకే వచ్చేస్తుంది. టార్గెట్ నుంచి దూరంగా నడుస్తున్నారని తెలుసుకోవడం మంచిదే, కానీ అది ఇవాళ కొత్తగా ఏదో మారింది అన్న వార్త కాదు, రెండిటినీ ఒకే అలారంలో కలిపితే కొన్నాళ్ళకి అందరూ అలారంనే పట్టించుకోవడం మానేస్తారు.

ఇంకోటి, పాయింట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలి. పెద్ద ట్యాంక్ ఉష్ణోగ్రత నిమిషానికోసారి రాస్తే ఏడు పాయింట్లు ఒకే వైపు ఉండకపోతేనే ఆశ్చర్యం, ఎందుకంటే అంత నీళ్ళు నిమిషంలో వేడెక్కవు, చల్లారవు, ప్రతి రీడింగూ ముందు రీడింగ్ నీడే. అక్కడ ఏడు పాయింట్లలో ఉన్న సమాచారం ఒకటో రెండో పాయింట్లంత. ప్రతి పాయింట్‌నీ దాని ముందు పాయింట్‌తో జత కట్టి ఒక గ్రాఫ్ వేస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది, చుక్కలు ఏటవాలు గీతలా పేరుకుంటే వరుసల రూల్ వాడకూడదు, శాంపిల్ దూరం పెంచాలి. అలాగే లోపాలు లెక్కపెట్టే చార్ట్‌లు, సగటున శాంపిల్‌కి అర లోపం వచ్చే చోట 60 శాతం శాంపిళ్ళు సున్నాయే, అక్కడ వరుసగా ఏడు సున్నాలు పడి సెంటర్ కింద ఉన్నాయని పండగ చేసుకోవడానికి ఏమీ లేదు, పైకీ కిందకీ సమాన అవకాశం అన్న మూల లెక్కే అక్కడ లేదు.

గీత మీద సరిగ్గా పడ్డ పాయింట్ సంగతి కూడా ముందే రాసి పెట్టుకోవాలి, అది వరుసని తెంచుతుందా, లేక లెక్కలోకి రాకుండా పోతుందా అని. రెండు పద్ధతులూ వాడేవాళ్ళున్నారు. ఇలాంటి పాయింట్లు తరచుగా పడుతుంటే మాత్రం కొలత అంకెలు మరీ ముతకగా ఉన్నాయేమో చూడాలి.

కారణం దొరికాక లేత్‌లో చేసింది చిన్న పని, డయామీటర్ ఆఫ్‌సెట్ ఐదు మైక్రాన్లు తగ్గించారు, పక్కనే చార్ట్ మీద ఏ గంటకి ఎందుకు తగ్గించారో రాశారు. అదే కారణం దొరక్కపోయుంటే ఆఫ్‌సెట్ ముట్టుకోకూడదు, ఎందుకంటే అలారం ఉత్తిదైతే సరిగ్గా ఉన్న సెంటర్‌ని చేతులారా ఐదు మైక్రాన్లు కిందకి తోసినట్టవుతుంది, తర్వాత ఎవరో దాన్ని మళ్ళీ పైకి తోస్తారు. నిలకడగా ఉన్న ప్రాసెస్‌ని ప్రతి రీడింగ్‌కీ దాని తేడా మేర దిద్దుతూ పోతే వేరియన్స్, అంటే సిగ్మా వర్గం, రెట్టింపవుతుంది, ఇది లెక్కల్లో తేలిన విషయమే. కారణం తెలియకపోతే శాంపిల్ గంటకి బదులు అరగంటకి తీయాలి, సెంటర్ నిజంగా జరిగుంటే తర్వాతి నాలుగైదు పాయింట్లలో ఎక్కువ భాగం పైనే పడతాయి, జరక్కపోతే అటూ ఇటూ పంచుకుంటాయి.

దిద్దిన తర్వాత లెక్క సున్నా నుంచి మొదలుపెట్టాలి, పాత ఏడుకి ఎనిమిదో పాయింట్ కలపకూడదు. సెంటర్ లైన్ మాత్రం 25.002 దగ్గరే ఉంటుంది, ఆఫ్‌సెట్ మార్చాం కదా అని లిమిట్స్ మళ్ళీ కట్టనక్కర్లేదు, తెచ్చింది ప్రాసెస్‌ని పాత చోటికే కాబట్టి. ఆ గీతకి రెండు వైపులా పాయింట్లు మళ్ళీ పంచుకుంటే దిద్దినది సరిపోయినట్టు, కిందవైపే వరుస కట్టడం మొదలుపెడితే ఎక్కువ దిద్దినట్టు. ఇక ఇన్సర్ట్ అంచు తిప్పిన ప్రతిసారీ ఒక్క పీసు కొలిచి టాలరెన్స్‌లో ఉందని వదిలేయకుండా, ఐదు పీసులు కొలిచి సగటు 25.002కి ఎంత దూరంలో ఉందో చూశాకే ప్రొడక్షన్ వదలాలని సెట్టింగ్ షీట్‌లో చేర్చారు.